పట్టిక చూస్తేనే తెలిసే ప్రశ్న

మన దేశ జనాభా వృద్ధి రేటు 1991-2001 దశాబ్దంలో 21.5 శాతం. ఆ తర్వాతి దశాబ్దంలో అది 17.7 శాతానికి దిగింది. ఈ రెండు అంకెలూ బోర్డు మీద రాసి, "అంటే 2001 నుంచి 2011 వరకు దేశ జనాభా ఏమైనట్టు?" అని అడిగితే, "తగ్గింది సార్" అనే జవాబు ఏదో ఒక బెంచీ నుంచి వచ్చే అవకాశం చాలా ఎక్కువ. నిజానికి ఆ పదేళ్లలో దేశంలో కొత్తగా చేరిన జనం 18 కోట్ల పైమాటే.

ఆ జవాబు చెప్పిన విద్యార్థికి పాఠం రాదని అనలేం. జనాభా పెరుగుదలకు కారణాలు రాయమంటే గడగడా అయిదు పాయింట్లు రాసేస్తాడు. అతనికి అలవాటు లేనిది పట్టికను చదవడం. దానికి కారణం చాలావరకు పట్టిక కింద మనం అడిగే ప్రశ్నల్లోనే ఉంది.

తెలుగు రాష్ట్రాల సాంఘికశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో 'సమాచార నైపుణ్యాలు' అని ఒక విద్యా ప్రమాణం ఉంది. పట్టికలు, గ్రాఫులు ఇచ్చి ప్రశ్నలు అడగడం దాని కిందకే వస్తుంది. యూనిట్ పరీక్ష నుంచి పబ్లిక్ పరీక్ష దాకా ఈ ప్రశ్నలకు చోటుంది. పట్టిక దొరకడం కష్టమేమీ కాదు, జనగణన లెక్కలు ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి. దాని కింద ఏం అడగాలన్న దగ్గరే ప్రశ్నపత్రం తయారుచేసేవారి పనితనం తెలుస్తుంది. జనాభా పట్టిక ఒక్కదాన్నే తీసుకుని ఆ పని మొదటినుంచి చివరిదాకా ఎలా సాగుతుందో చూద్దాం.

| జనగణన సంవత్సరం | జనాభా (కోట్లలో) | గడిచిన పదేళ్లలో వృద్ధి (శాతం) |
|---|---|---|
| 1951 | 36.1 | 13.3 |
| 1961 | 43.9 | 21.6 |
| 1971 | 54.8 | 24.8 |
| 1981 | 68.3 | 24.7 |
| 1991 | 84.6 | 23.9 |
| 2001 | 102.9 | 21.5 |
| 2011 | 121.1 | 17.7 |

మూడో గడి పైన ఉన్న శీర్షికను ఒకసారి గమనించండి. చాలాచోట్ల అక్కడ 'వృద్ధి రేటు' అని మాత్రమే ఉంటుంది. అప్పుడు 2011 వరుసలో ఉన్న 17.7ను పిల్లలు 2011 అనే ఒక్క సంవత్సరపు వృద్ధిగానో, 2011 తర్వాతి వృద్ధిగానో అర్థం చేసుకుంటారు. 'గడిచిన పదేళ్లలో' అన్న రెండు మాటలు చేర్చితే ఆ గందరగోళం ఉండదు. పట్టిక సరిగా లేక పోయిన మార్కును విద్యార్థి తెలివి తక్కువతనం కింద జమ కట్టడం అన్యాయం.

ఈ పట్టికలో కావాలనే వదిలేసిన గడి ఒకటి ఉంది. ఒక్కో దశాబ్దంలో కొత్తగా చేరినవారు ఎందరన్నది ఇందులో లేదు. ఆ గడి కూడా ఇచ్చేస్తే పిల్లలు ఆలోచించాల్సిన పని పట్టికే చేసిపెడుతుంది. పక్కపక్క వరుసలను ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే ఆ లెక్క వస్తుంది కాబట్టి, దాన్ని రాబట్టే పని విద్యార్థికి వదిలేయాలి. పట్టికలో ఏం పెట్టాలో తేల్చుకోవడం ఎంత ముఖ్యమో, ఏం పెట్టకూడదో తేల్చుకోవడమూ అంతే ముఖ్యం.

ఇక ప్రశ్నలు. ఇలాంటి పట్టిక కింద మామూలుగా కనిపించేవి రెండు రకాలు. మొదటిది, '1971లో భారతదేశ జనాభా ఎంత?' రెండోది, 'భారతదేశంలో జనాభా పెరుగుదలకు కారణాలు రాయండి.'

మొదటిదాంట్లో తప్పేమీ లేదు. పట్టికలో వరుస ఏదో, గడి ఏదో పోల్చుకోవడం వచ్చో రాదో అది తేలుస్తుంది. ఎనిమిదో తరగతిలో అది తొలిమెట్టు. కానీ అలాంటివే నాలుగు వరసగా అడిగి నాలుగు మార్కులు ఇచ్చేస్తే, కంటిచూపును పరీక్షించినట్టే అవుతుంది.

రెండో ప్రశ్నతో వచ్చే చిక్కు పెద్దది. దానికీ పైనున్న పట్టికకూ ఏ సంబంధమూ లేదు. పట్టికను అరచేత్తో మూసేసి చదివినా, గైడులో బట్టీ పట్టిన జవాబును దింపేయొచ్చు. మరణాల రేటు తగ్గడం, వైద్య సదుపాయాలు, చిన్న వయసు పెళ్లిళ్లు, వీటిలో ఒక్కటి కూడా ఆ అంకెల్లో కనపడదు. అది మంచి ప్రశ్నే కావచ్చు, కానీ విషయ పరిజ్ఞానాన్ని అడిగే ప్రశ్న. పట్టిక కింద కూర్చోబెట్టినంత మాత్రాన సమాచార నైపుణ్యాన్ని కొలిచే ప్రశ్న అయిపోదు. ప్రశ్నలు రాసేవారికి ఇంతకంటే తేలికైన పరీక్ష లేదు: పట్టికను మూసేసి ప్రశ్న చదవాలి. జవాబు వచ్చేస్తోందంటే ఆ ప్రశ్న అక్కడ ఉండదగ్గది కాదు.

అలాగని 'ఎందుకు' అన్న మాట పట్టిక దగ్గరకు రానే కూడదని కాదు. 1911లో దేశ జనాభా 25.2 కోట్లు, 1921లో 25.1 కోట్లు. ఆ పదేళ్లలో దాదాపు 8 లక్షల మంది తగ్గారు. 1901 నుంచి 2011 దాకా జరిగిన జనగణనల్లో జనాభా తగ్గినట్టు తేలింది ఆ ఒక్కసారే. అందుకే 1921ను జనాభా చరిత్రలో మహా విభాజక సంవత్సరమంటారు. 'ఏ దశాబ్దంలో జనాభా తగ్గింది?' అన్నదానికి పట్టికే జవాబు చెబుతుంది. ఎందుకు తగ్గిందో మాత్రం చెప్పలేదు. 1918లో దేశాన్ని ఊపేసిన ఇన్‌ఫ్లుయెంజా గురించి పట్టిక పక్కనే రెండు వాక్యాలు ఇచ్చి, 'ఈ సమాచారం పట్టికలోని ఏ అంకెను వివరిస్తుంది?' అని అడిగితే, అప్పుడు కారణాన్నీ అంకెనూ ముడివేసే పని విద్యార్థి చేస్తాడు. అది బట్టీకి లొంగే పని కాదు.

గ్రాఫులు చదవడంలో మూడు మెట్లు ఉన్నాయని అమెరికా గణిత విద్యా పరిశోధకురాలు ఫ్రాన్సెస్ కర్సియో 1987లో వివరించారు. అంకెను చదవడం మొదటిది. అంకెల మధ్య చదవడం, అంటే పోల్చడం, కూడటం, తీసివేయడం, ధోరణిని పట్టుకోవడం రెండోది. అంకెలకు ఆవలకు చదవడం మూడోది. మన ప్రశ్నపత్రాల్లో మొదటి మెట్టు నిండుగా ఉంటుంది. రెండో మెట్టును దాటేసి నేరుగా పాఠంలోకి దూకేస్తారు. అసలు పని జరగాల్సింది ఆ రెండో మెట్టు మీదే.

ఈ పట్టికకు ప్రాణం లాంటి ప్రశ్న అక్కడే దొరుకుతుంది. వృద్ధి రేటు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది 1961-71 దశాబ్దంలో, 24.8 శాతం. ఆ పదేళ్లలో చేరినవారు 10.9 కోట్లు. 1991-2001లో వృద్ధి రేటు అంతకంటే తక్కువ, 21.5 శాతమే. కానీ చేరినవారు 18 కోట్ల పైన. రేటు తక్కువ, మనుషులు ఎక్కువ! దీన్ని గుర్తించిన విద్యార్థికి దశాబ్ది వృద్ధి అంటే ఏమిటో మరొకరు విడమరచి చెప్పాల్సిన అవసరం ఉండదు. అసలు పెద్దదైతే వడ్డీ రేటు తగ్గినా చేతికొచ్చే వడ్డీ పెరగొచ్చు. 43.9 కోట్ల మీద 24.8 శాతం కంటే 84.6 కోట్ల మీద 21.5 శాతం పెద్దది. కాబట్టి ప్రశ్న ఇలా రాసుకోవచ్చు: 'వృద్ధి రేటు ఎక్కువగా ఉన్న దశాబ్దంలోనే ఎక్కువమంది చేరారని ఒక విద్యార్థి అన్నాడు. పట్టికలోంచి రెండు దశాబ్దాలు తీసుకుని అది సరైనదో కాదో చూపండి.' జవాబు కోసం వరుసలు వెతకాలి, రెండు తీసివేతలు చేయాలి, ఒక వాక్యం రాయాలి. పట్టిక మూసేస్తే ఒక్క అడుగు కూడా ముందుకు పడదు.

ఇలాంటి ప్రశ్న రాసేటప్పుడు కాలు జారే చోటు ఒకటుంది. '1991-2001, 2001-2011 దశాబ్దాల్లో దేనిలో ఎక్కువమంది చేరారు?' అని అడగాలనిపిస్తుంది. పై పట్టిక ప్రకారం మొదటి దశాబ్దంలో 18.3 కోట్లు, రెండోదాంట్లో 18.2 కోట్లు. కీలో 'మొదటిది' అని రాసుకుని ముందుకు వెళ్లిపోవచ్చు. కానీ రెండు దశాంశ స్థానాలున్న అంకెలతో లెక్క కడితే 18.23, 18.22 కోట్లు వస్తాయి. పూర్ణాంకాలకు సవరిస్తే రెండూ 18 కోట్లే. అంటే జవాబు జనాభాను బట్టి కాక, అంకెలను ఎక్కడ సవరించామన్నదాన్ని బట్టి మారుతోంది. కాబట్టి 'ఏది ఎక్కువ' అని అడగకూడదు. 'వృద్ధి రేటు దాదాపు 4 శాతం పాయింట్లు తగ్గినా చేరినవారి సంఖ్య దాదాపు అంతే ఉంది. ఇది ఎలా సాధ్యం?' అని అడగాలి. అప్పుడు దశాంశం ఇటైనా అటైనా జవాబు నిలబడుతుంది.

ఇందులోనే ఇంకో చిన్న చిక్కు. కొందరు పిల్లలు శ్రద్ధగా 18.3ను 84.6తో భాగించి 21.6 శాతం రాస్తారు. పట్టికలో 21.5 ఉంది. అది పిల్లల తప్పు కాదు, సవరించిన అంకెలతో లెక్క కడితే వచ్చే తేడా. కీలో ముందే రెండూ సరైనవేనని రాసుకోకపోతే మూల్యాంకనం దగ్గర ఒక్కొక్కరు ఒక్కోలా మార్కులు వేస్తారు.

బిట్ల విషయానికొస్తే, తప్పు జవాబులను ఎంచుకోవడం సరైన జవాబు రాయడం కంటే కష్టం. ప్రతి తప్పు జవాబూ పిల్లలు నిజంగా చేసే ఒక పొరపాటు నుంచి పుట్టాలి. 2001-2011 గురించి బిట్టు అనుకుందాం. 'దేశ జనాభా తగ్గింది' అన్న ఎంపిక రేటునూ సంఖ్యనూ కలగలిపేవారిని పట్టిస్తుంది. 'చేరినవారి సంఖ్య కూడా వృద్ధి రేటు తగ్గిన నిష్పత్తిలోనే తగ్గింది' అన్నది అసలు పెరిగిందన్న సంగతి మరిచినవారిని పట్టిస్తుంది. మూడోది 'జనాభా 17.7 కోట్లు పెరిగింది' అని పెట్టి, శాతాన్ని కోట్లుగా చదివేవారిని పట్టుకుందామనిపిస్తుంది. ఇక్కడ ఆ ఎంపిక పనికిరాదు. 2001 జనాభా 102.9 కోట్లు, అంటే వందకు చాలా దగ్గర. అందువల్ల 17.7 శాతమూ, నిజంగా పెరిగిన 18.2 కోట్లూ దాదాపు ఒక్కటైపోయాయి. తప్పుగా చదివిన పిల్లవాడు దాదాపు ఒప్పు దగ్గరకే వచ్చి ఆగుతాడు. అదే పొరపాటును 1961-71 దశాబ్దం మీద అడిగితే 24.8కీ 10.9కీ మధ్య తేడా స్పష్టంగా బయటపడుతుంది. 'పైవన్నీ', 'పైవేవీ కావు' లాంటి ఎంపికలతో మాత్రం విద్యార్థి ఎక్కడ పొరబడ్డాడో ఎప్పటికీ తెలియదు.

ఇవే అంకెలను గ్రాఫుగా గీస్తే ప్రశ్నల స్వభావం మారిపోతుంది. కచ్చితమైన అంకె కావాలంటే పట్టిక, పెరుగుదల తీరు కనపడాలంటే గ్రాఫు. నిలువు అక్షం మీద ప్రతి 20 కోట్లకూ ఒక గీత ఉన్న గ్రాఫులో '1971 జనాభా ఎంత?' అని అడిగి, 54.8 రాసినవారికే మార్కు వేస్తే అది దబాయింపే. రెండు గీతల మధ్య ఉన్న చుక్కను చూసి ఎవరూ దశాంశం దాకా చెప్పలేరు. 52 నుంచి 58 కోట్ల మధ్య ఏది రాసినా ఒప్పుకోవాలి, ఆ హద్దులు కీలో అచ్చయి ఉండాలి. అంతకంటే మేలైన పని, గ్రాఫు బాగా చెప్పగల సంగతినే అడగడం. 'గీత ఏ సంవత్సరం నుంచి ఎక్కువ నిటారుగా లేచింది?', 'జనాభా 1951 నాటికి రెట్టింపు అయింది ఏ రెండు జనగణనల మధ్య?' అన్నవి అలాంటి ప్రశ్నలు. రెండోదానికి జవాబు 1971, 1981 మధ్య అనిపిస్తుంది. 36.1కి రెట్టింపు 72.2 కదా, అది 68.3కు పైన ఉంది. కాబట్టి సరైన జవాబు 1981, 1991 మధ్య అనే తేలుతుంది. ముందు చెప్పిన జవాబు తొందరపాటుది. గ్రాఫును కంటితో చూసి 70 దగ్గర ఆగినవారు ఆ పొరపాటే చేస్తారు. రెండు చుక్కల తేడా అంత సన్నగా ఉన్నచోట ప్రశ్నను గ్రాఫు మీద కాక పట్టిక మీద అడగడమే న్యాయం.

వృద్ధి రేట్లను కమ్మీ చిత్రంగా గీసేవారు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కాగితం కలిసొస్తుందని నిలువు అక్షాన్ని 16 శాతం దగ్గర మొదలుపెడితే, 2001 కమ్మీ ఎత్తు 5.5 పాళ్లు, 2011 కమ్మీ ఎత్తు 1.7 పాళ్లు అవుతుంది. వృద్ధి మూడో వంతు కంటే కిందికి పడిపోయిందని చూసినవారంతా అనుకుంటారు. నిజంగా తగ్గింది అయిదో వంతు కూడా కాదు. కమ్మీ చిత్రం ఎప్పుడూ సున్నా నుంచే లేవాలి. ఇంకో మాట, ప్రశ్నపత్రం అచ్చయ్యేది నలుపు తెలుపులో. తెర మీద ఎరుపు, ఆకుపచ్చ రంగుల్లో ముచ్చటగా ఉన్న కమ్మీలు జిరాక్సులో ఒకే బూడిద రంగులోకి మారతాయి. గీతలు, చుక్కలు నింపిన కమ్మీలైతే ఆ బాధ ఉండదు.

పట్టికను మన రాష్ట్రానికి తెచ్చుకుంటే పిల్లలకు ఆసక్తి పెరుగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 1991లో 6.65 కోట్లు, 2001లో 7.62 కోట్లు, 2011లో 8.46 కోట్లు. మొదటి పదేళ్లలో 97 లక్షల మంది చేరారు, తర్వాతి పదేళ్లలో 84 లక్షలు. వృద్ధి రేటు 14.6 నుంచి 11 శాతానికి దిగింది. దేశం మొత్తంలో రేటు తగ్గినా చేరినవారి సంఖ్య దాదాపు అక్కడే నిలిచింది, ఇక్కడ మాత్రం రెండూ తగ్గాయి. ఈ రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి తేడా చెప్పమంటే పదో తరగతికి తగిన చక్కటి ప్రశ్న అవుతుంది. అయితే పట్టిక పైన 'ఉమ్మడి' అన్న మాట తప్పనిసరి. 2011 గడిలో ఇప్పటి ఆంధ్రప్రదేశ్ సంఖ్య, అంటే దాదాపు 5 కోట్లు వేసి, 2001 గడిలో 7.62 కోట్లు ఉంచితే, పదేళ్లలో రెండున్నర కోట్ల మంది మాయమైనట్టు కనిపిస్తుంది. తగ్గింది జనం కాదు, మారింది 2014లో గీసిన సరిహద్దు.

మూడో మెట్టు, అంకెలకు ఆవలకు చదవడం. '2021లో దేశ జనాభా ఎంత ఉండి ఉంటుందో పట్టిక ఆధారంగా అంచనా వేసి, మీ కారణం రాయండి.' 2021లో జనగణన జరగలేదు కాబట్టి బట్టీ పట్టేందుకు జనగణన అంకె లేదు. ఈ ప్రశ్నకు జవాబు ఒక్కటి కాదు, ఒక శ్రేణి. వృద్ధి రేటు 17.7 శాతమే కొనసాగిందనుకుంటే 142.5 కోట్లు. గత దశాబ్దంలో చేరినంతమందే చేరారనుకుంటే 139.3 కోట్లు. రేటు మళ్లీ 4 శాతం పాయింట్ల దాకా తగ్గిందనుకుంటే 138 కోట్ల దరిదాపుల్లో ఉంటుంది. మూడు మార్కులుంటే, పట్టికలోని ధోరణిని గుర్తించినందుకు ఒకటి, దానికి తగ్గట్టు లెక్క కట్టినందుకు ఒకటి, కారణం రాసినందుకు ఒకటి. తీసివేతలో చిన్న పొరపాటు చేసి, ఆ తప్పు అంకెతోనే తర్వాతి అడుగులు సరిగ్గా వేసిన విద్యార్థి ఒక్క మార్కే పోగొట్టుకోవాలి. మొదటి ప్రశ్న జవాబు మీద రెండోది, రెండోదాని మీద మూడోది ఆధారపడేలా గొలుసు కట్టినప్పుడు ఈ జాగ్రత్త మరీ అవసరం, లేకపోతే ఒక్క తప్పుకు మూడు శిక్షలు పడతాయి.

పరీక్షకు ముందు ప్రశ్నను నలుగురైదుగురు పిల్లల చేత బయటికి చదివిస్తూ చేయించడం మంచిది. వాళ్ల వేలు పట్టికలో ఎక్కడికి వెళుతోందో చూస్తే చాలా సంగతులు తెలుస్తాయి. వేలు పట్టిక మీదకే రాకుండా జవాబు వచ్చేసిందంటే ప్రశ్నను తీసి పక్కన పెట్టాలి. తెలివైన పిల్లల వేలు కూడా తప్పు గడిలోకి వెళుతోందంటే, మార్చాల్సింది ఆ గడి శీర్షికను.

ఈ పట్టికకు కొత్త వరుస చేరే రోజు దగ్గర్లోనే ఉంది. తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. గత జనగణన ప్రామాణిక తేదీ 2011 మార్చి 1. రెండింటి మధ్య పదేళ్లు కాదు, పదహారేళ్లు. ఆ వరుసలో వచ్చే వృద్ధి శాతాన్ని పై ఏడు దశాబ్దాల శాతాలతో నేరుగా పోల్చమని అడిగితే ప్రశ్నే తప్పు. గ్రాఫులో 2011, 2027 చుక్కలను మిగతావాటిలాగే సమాన దూరంలో పెడితే గీత లేనిపోని నిటారుగా లేస్తుంది. ఆ లెక్కలు వచ్చాక పాఠ్యపుస్తకాలు సవరించేవారు, ప్రశ్నపత్రాలు రాసే ఉపాధ్యాయులు మూడో గడి శీర్షికలోని 'గడిచిన పదేళ్లలో' అన్న మాటను మార్చడం మరవకండి.